ఊగే అంకె నయం, నిలకడ అంకెతోనే భయం

ఫర్నేస్ ప్యానెల్ మీద 850 దగ్గర కుదురుగా ఉండాల్సిన అంకె 838, 861, 845, 870 అంటూ గంతులేస్తుంటే మన షాపుల్లో మొదట జరిగే పని టెంపరేచర్ కంట్రోలర్ మార్చేయడం. అంకె కనబడేది అక్కడే కాబట్టి నేరమంతా దాని మీదే పడుతుంది. కొత్త కంట్రోలర్ బిగిస్తారు, గంట బాగుంటుంది, మళ్లీ గంతులు మొదలు. పాతది అల్మరాలో చేరుతుంది. చాలా షాపుల్లో ఇలా ‘పాడైన’ కంట్రోలర్లు రెండు మూడు దొరుకుతాయి. వాటిని బల్ల మీద పెట్టి పరీక్షిస్తే ఎక్కువ భాగం శుభ్రంగా పనిచేస్తాయి.

తప్పు సాధారణంగా ఆ పెట్టెకు అవతల ఉంటుంది. లోపల వేడిలో కూర్చున్న థర్మోకపుల్, అక్కడి నుంచి ప్యానెల్ దాకా వచ్చే కాంపెన్సేటింగ్ కేబుల్, ఆ కేబుల్ పక్కన నడిచే కరెంటు తీగలు, ఏళ్ల తరబడి కాలిన సెన్సర్ వయసు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కారణమవుతుంది. ఒక్కోసారి మూడూ కలిసి వస్తాయి. వేటికవి విడదీయడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. వేలెడంత రాగి తీగ ముక్క, ఒక అయస్కాంతం, నమ్మకమైన మరో థర్మోకపుల్ ఉంటే చాలావరకు తేలిపోతుంది.

ముందు ఈ థర్మోకపుల్ ఏం చేస్తుందో చూద్దాం. రెండు వేర్వేరు లోహపు తీగలను ఒక కొసన కలిపి ఆ కొసను వేడి చేస్తే, చల్లగా ఉన్న రెండో కొసల మధ్య చిన్న వోల్టేజీ పుడుతుంది. దీన్ని జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ 1821లో గమనించాడు. మన దగ్గర ఎక్కువగా వాడే కె టైపులో ఒక తీగ నికెల్, క్రోమియం కలిసిన క్రోమెల్. రెండోది ఎక్కువ భాగం నికెల్‌తో, కాస్త అల్యూమినియం వగైరాతో చేసిన అల్యూమెల్. ఒక్కో డిగ్రీకి వచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. అంటే ఒక మిల్లీవోల్టు తేడా వస్తే అంకె దాదాపు 24 డిగ్రీలు జరుగుతుంది. 415 వోల్టుల మోటార్లు, హీటర్లు నడిచే చోట ఇంత సన్నని సంకేతాన్ని పది పదిహేను మీటర్లు మోసుకు రావాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. థర్మోకపుల్ వేడిని కొలవదు, వేడి కొసకూ చల్లని కొసకూ ఉన్న తేడానే చెబుతుంది. చల్లని కొస కంట్రోలర్ టెర్మినళ్ల దగ్గర ఉంటుంది. అందుకే కంట్రోలర్ లోపల ఒక చిన్న సెన్సర్ ఆ టెర్మినళ్ల వేడిని విడిగా కొలిచి, థర్మోకపుల్ నుంచి వచ్చిన దానికి కలుపుతుంది. ప్యానెల్‌లో 40 డిగ్రీలుంటే, ఆ 40కి సరిపడా మిల్లీవోల్టులు కలిపాకే మనకు అంకె కనబడుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా పరీక్షలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఇప్పుడు ఒక షాపుకు వెళ్దాం. హైదరాబాద్ బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఉండే చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపు అనుకోండి. కరెంటు మీద నడిచే బాక్స్ ఫర్నేస్ ఒకటుంది. ఈఎన్19 ఉక్కు షాఫ్టులను 850 డిగ్రీలకు కాచి నూనెలో ముంచడం పని. ఈ మధ్య ఫర్నేస్ లోపల గాలి తిప్పే ఫ్యాన్‌కు కొత్తగా డ్రైవ్ పెట్టారు. అప్పటి నుంచి అంకె గంతులేస్తోంది. దాంతోపాటు మధ్యాహ్నం తీసిన బ్యాచ్‌లలో కొన్ని షాఫ్టులు వంకర పోతున్నాయి, ఒకటీ అరా నూనెలో పడగానే పగులుతున్నాయి. ఓనరు రెండూ ఒకే జబ్బు అనుకున్నాడు. కంట్రోలర్ అప్పటికే ఒకసారి మార్చారు.

ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ వచ్చి కాసేపు ఊరికే అంకెను చూస్తూ నిలబడ్డాడు.

“ఏం చూస్తున్నావ్ అన్నా?” అన్నాడు ఆపరేటర్.

“సెకనులో పాతిక డిగ్రీలు ఎగురుతోంది తమ్ముడూ. లోపల అన్ని వందల కిలోల ఇటుక ఉంది. అది సెకనులో పాతిక డిగ్రీలు వేడెక్కి మళ్లీ చల్లారుతుందా?”

సగం నిర్ధారణ ఆ మాటలోనే ఉంది. ఫర్నేస్ బద్ధకస్తురాలు. దాని వేడి మారాలంటే నిమిషాలు పడుతుంది. అంతకంటే వేగంగా అంకె మారితే అది వేడి కాదు, కరెంటు వ్యవహారం. తీగల్లోకి చొరబడిన నాయిస్ కావచ్చు, వదులైన స్క్రూ కావచ్చు, లోపల చిట్లిన తీగ కావచ్చు. థర్మోకపుల్ తల మీదున్న డబ్బాను, అంటే హెడ్‌ను, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టినప్పుడు అంకె ఎగిరితే వదులు కనెక్షన్. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక తెగిపోయి, చల్లారాక మళ్లీ అతుక్కునే తీగలు కూడా ఉంటాయి. తెగిన క్షణంలో కంట్రోలర్ OPEN అనో S.ERR అనో చూపిస్తుంది, లేదా అంకె ఒక్కసారిగా పై అంచుకు వెళ్లిపోతుంది. ఈ షాపులో తడితే ఏమీ కదలలేదు.

అప్పుడు రాగి తీగ ముక్క బయటికి వచ్చింది. ముందు హీటర్ల బ్రేకర్ దించాలి. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు కంట్రోలర్‌కు ఫర్నేస్ చల్లగా ఉన్నట్టు కనబడబోతోంది. బ్రేకర్ వేసి ఉంటే అది హీటర్లను నూటికి నూరు శాతం మండిస్తుంది, ఆపడానికి ఏదీ ఉండదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. థర్మోకపుల్ తీగలను ముట్టుకునే ముందు వాటికీ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూసుకోవాలి. లోపల వంగిన హీటర్ కాయిల్ షీత్‌ను తాకితే ఆ సన్నని తీగల మీదికే మెయిన్స్ కరెంటు రావచ్చు.

మొదటి మజిలీ కంట్రోలర్ దగ్గరే. థర్మోకపుల్ తీగలు రెండూ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లను రాగి ముక్కతో కలిపేశాడు. తేడా సున్నా కాబట్టి కంట్రోలర్ తన టెర్మినళ్ల వేడిని మాత్రమే చూపాలి. అంకె 41 దగ్గరికి వచ్చి కదలకుండా కూర్చుంది. ప్యానెల్ లోపల చేయి పెడితే అంతే వెచ్చగా ఉంది. ఫ్యాన్ డ్రైవ్ నడుస్తూనే ఉన్నా చలనం లేదు. కంట్రోలర్ నిర్దోషి. అల్మరాలో ఉన్న పాతది కూడా నిర్దోషే కావాలి.

రెండో మజిలీ ఫర్నేస్ దగ్గర. కేబుల్‌ను తిరిగి కంట్రోలర్‌కు బిగించి, అవతలి కొసను హెడ్‌లోంచి ఊడదీసి, అక్కడ రెండు తీగలను కలిపి, ఆ ముడిని హెడ్ డబ్బాలోనే వదిలాడు. ఇప్పుడు సెన్సర్ లేదు, కేబుల్ ఒక్కటే ఉంది. డ్రైవ్ ఆన్ చేయగానే అంకె మళ్లీ ఎగరడం మొదలైంది. ఆఫ్ చేస్తే నిలబడింది. మరోసారి వేసి చూసినా అదే తీరు. దొంగ దొరికాడు. పైకెక్కి చూస్తే డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే కేబులూ థర్మోకపుల్ కేబులూ ఒకే ట్రేలో, ఒకే ట్యాగ్‌తో కట్టి ఎనిమిది మీటర్లు పక్కపక్కనే నడుస్తున్నాయి. డ్రైవ్ మోటారుకు పంపే కరెంటును సెకనుకు కొన్ని వేల సార్లు తెంచి అతికిస్తుంది. ఆ ప్రతి కుదుపూ పక్క తీగలోకి ఎంతో కొంత దూకుతుంది. ఒక మిల్లీవోల్టుకు 24 డిగ్రీలని పైన చూశాం కదా, పాతిక డిగ్రీల గంతుకు ఒకటి చాలు.

మందు తెలిసిందే. థర్మోకపుల్ కేబుల్‌ను వేరే ఇనుప పైపులోకి మార్చారు. తప్పనిసరిగా దాటాల్సిన చోట పవర్ కేబుల్‌ను అడ్డంగా, నిలువు కోణంలో దాటించారు. కేబుల్ మీదున్న షీల్డ్‌ను ఒక్క కొసనే ఎర్త్ చేశారు. రెండు కొసలా ఎర్త్ చేస్తే రెండు చోట్లా ఎర్త్ వోల్టేజీ ఒకటే కానప్పుడు షీల్డ్‌లోంచే కరెంటు పారి, కొత్త నాయిస్ పుడుతుంది. ఇది చదువుకున్న ఎలక్ట్రీషియన్లు కూడా తరచుగా చేసే పొరపాటు. కంట్రోలర్ మెనూలో ఇన్‌పుట్ ఫిల్టర్ పెంచి అంకెను కుదురుగా చేసే దగ్గరి దారి ఒకటుంది. నాకది నచ్చదు. ఫిల్టర్ నాయిస్‌ను సగటు చేస్తుంది, తీసేయదు. ఆ సగటు అసలు వేడికి పైనో కిందో ఉండొచ్చు. కేబుల్ దారి మార్చాక, మిగిలిన చిన్న వణుకుకు కొద్దిగా ఫిల్టర్ వేస్తే తప్పులేదు.

గంతులు ఆగాయి. చాలామంది ఇక్కడే పెట్టె సర్దుకుని వెళ్లిపోతారు. మన మెకానిక్ మాత్రం రెండో మజిలీలో కనబడిన అంకెను మర్చిపోలేదు. డ్రైవ్ ఆపినప్పుడు అది 42 దగ్గర నిలబడింది. ముడి పెట్టింది హెడ్ డబ్బాలో. ఫర్నేస్ గోడ పక్కన ఉన్న ఆ డబ్బా చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. తాకించి కొలిచే థర్మామీటర్‌తో చూస్తే 75. కేబుల్ సరైనదైతే కంట్రోలర్ ముడి ఉన్న చోటి వేడిని, అంటే 75 చూపాలి. 42 చూపిందంటే మధ్యలో ఎక్కడో కేబుల్ తన పని మానేసింది.

కాంపెన్సేటింగ్ కేబుల్ పని ఏమిటంటే, థర్మోకపుల్ తీగల్లాగే తానూ డిగ్రీ డిగ్రీకి అదే వోల్టేజీ పుట్టిస్తూ చల్లని కొసను హెడ్ నుంచి ప్యానెల్ దాకా జరపడం. దానికోసం అవే లోహాలతో చేసిన ఎక్స్‌టెన్షన్ కేబుల్ వాడతారు, లేదా మామూలు వేడిలో అలాగే ప్రవర్తించే చవకైన లోహాలతో చేసింది వాడతారు. రాగి తీగ ఈ పని చేయదు. రాగి జతలో రెండు తీగలూ ఒకటే కాబట్టి దాని రెండు కొసల మధ్య ఎంత వేడి తేడా ఉందో అంతా లెక్కలోంచి మాయమవుతుంది.

కేబుల్ వెంట తడుముకుంటూ వెళితే హెడ్‌కు రెండు మీటర్ల ఇవతల టేపు చుట్టిన అతుకు కనబడింది. ఆపరేటర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. “కేబుల్ కొస కాలిపోయిందన్నా. హీటర్లకు వాడే వేడికి తట్టుకునే వైరు ఉంటే అదేశాం. మంచి వైరే!” వైరు మంచిదే, రాగిది. ఒక కొస 75 డిగ్రీల హెడ్‌లో, ఇంకో కొస 40 డిగ్రీల గోడ పక్కన. మధ్యలో 35 డిగ్రీలు గల్లంతు.

లెక్క వేసి చూద్దాం. కె టైపు పట్టిక ప్రకారం 850 డిగ్రీలకు 35.31 మిల్లీవోల్టులు, 75కు 3.06, 40కి 1.61. రాగి ముక్క వల్ల కంట్రోలర్‌కు చేరేది 35.31లోంచి 3.06 తీసేసి 1.61 కలిపినది, అంటే 33.86. పట్టికలో అది 814 డిగ్రీలు. లోపల 850 ఉంటే పైన 814 కనబడుతుంది. కానీ ప్యానెల్ మీద ఎప్పుడూ 814 కనబడలేదు! ఎందుకంటే కంట్రోలర్ ఆ లోటును చూసి ఇంకా కాస్తుంది. తన అంకె 850 అయ్యేదాకా కాస్తూనే ఉంటుంది. అప్పటికి లోపల 885 దాటుతుంది.

నాయిస్ వల్ల వచ్చే తప్పు కంటికి కనబడుతుంది. ఎందుకంటే ఫర్నేస్ దాని వేగాన్ని అందుకోలేదు. నెమ్మదిగా వచ్చే తప్పును కంట్రోలరే తన చేతులతో సరిచేసి దాచేస్తుంది. రోజంతా అంకె నిండు కుండలా తొణకదు. పొద్దున బ్యాచ్‌లు బాగుండి మధ్యాహ్నం బ్యాచ్‌లు చెడటానికి కారణం కూడా ఇందులోనే ఉంది. పొద్దున ఫర్నేస్ మొదలెట్టినప్పుడు హెడ్ కూడా గోడ పక్క గాలంత చల్లగానే ఉంటుంది, రాగి ముక్క రెండు కొసల మధ్య తేడా లేదు, తప్పు లేదు. గోడ కాగి హెడ్ వేడెక్కేకొద్దీ తప్పు పెరుగుతుంది. అంకె గంతులకూ షాఫ్టుల పగుళ్లకూ అసలు సంబంధమే లేదు.

అతుకు దగ్గర కొత్త కేబుల్ ముక్క వేసేటప్పుడు రంగుల గొడవ వస్తుంది. అమెరికా పద్ధతిలో కె టైపు కేబుల్‌కు పసుపు ప్లస్, ఎరుపు మైనస్. పాత జర్మన్ పద్ధతిలో ఎరుపు ప్లస్, ఆకుపచ్చ మైనస్. ఇప్పటి అంతర్జాతీయ పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. ఎరుపంటే ప్లస్ అని చేతికి అలవాటైన ఎలక్ట్రీషియన్ అమెరికా కేబుల్‌ను తిప్పి కలిపేస్తాడు. ఒక్క చోట తిరగబడితే ఫర్నేస్ వేడెక్కేకొద్దీ అంకె కిందికి దిగుతుంది, వెంటనే తెలిసిపోతుంది. ‘ఓహో’ అనుకుని ఇంకో కొసన కూడా తిప్పేస్తాడు చూడండి, అప్పుడు వస్తుంది అసలు చిక్కు. అంకె మళ్లీ పైకే వెళుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ తప్పు రాగి తీగ కంటే రెట్టింపు, మన లెక్కలో 70 డిగ్రీలు. రంగును నమ్మకుండా అయస్కాంతాన్ని నమ్మడం మేలు. అసలు లోహాలతో చేసిన కేబుల్‌లో అల్యూమెల్ తీగ అయస్కాంతానికి అంటుకుంటుంది, అదే మైనస్. క్రోమెల్ అంటుకోదు.

కేబుల్ సరిచేశాక అదే పరీక్ష మళ్లీ చేస్తే హెడ్‌లోని ముడి 74 చూపింది. ఇక మిగిలింది సెన్సర్ వయసు. దీనికి రాగి ముక్క పనికిరాదు, ఎందుకంటే ముసలి థర్మోకపుల్ ఎక్కడా తెగదు, ఊగదు. మెల్లగా తక్కువ చెప్పడం మొదలెడుతుంది, అంతే. సన్నని షీత్‌లో ఆక్సిజన్ కొద్దిగానే ఉంటుంది. సుమారు 800 నుంచి 1050 డిగ్రీల మధ్య అలాంటి చోట క్రోమెల్‌లోని నికెల్ ఊరుకున్నా క్రోమియం మాత్రం ఆక్సిజన్‌ను పట్టుకుని తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఆకుపచ్చగా ఉంటుంది. క్రోమియం పోయిన తీగ ఇక క్రోమెల్ కాదు, దాని వోల్టేజీ తగ్గిపోతుంది. అలా చెడిన క్రోమెల్ ముక్క అయస్కాంతానికి కూడా అంటుకుంటుంది.

చాలామంది ఇలాంటి సెన్సర్‌ను ఊడబీకి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ ‘బాగానే ఉంది’ అని సర్టిఫికెట్ వస్తుంది. ల్యాబ్ తప్పు లేదు. థర్మోకపుల్‌లో వోల్టేజీ కొసన ఉన్న ముడిలో పుట్టదు. తీగ పొడవునా వేడి ఎక్కడ మారుతోందో, అంటే గోడ దాటే భాగంలో, అక్కడ పుడుతుంది. ఫర్నేస్‌లో వేడి నిటారుగా పడిపోయే చోట చెడిన తీగ ఉంటే తప్పు వస్తుంది. ల్యాబ్ కొలిమిలో లోతు వేరు, ఆ చెడిన భాగం ఒకే వేడిలో నానుతూ ఉండిపోవచ్చు, అప్పుడు తప్పు కనబడదు. అందుకే పాత సెన్సర్‌ను కదపకుండా, ఉన్న చోటే పరీక్షించాలి. పక్కన రంధ్రంలోంచి కొత్త, క్యాలిబ్రేషన్ ఉన్న సన్నని థర్మోకపుల్‌ను దించి, రెండు కొసలూ దగ్గరగా ఉండేలా చేసి, ఫర్నేస్ నిలకడపడ్డాక రెండు అంకెలు పోల్చాలి. విమాన భాగాల హీట్ ట్రీట్‌మెంట్‌కు వాడే ఏఎంఎస్ 2750 ప్రమాణంలో కూడా పరీక్ష సెన్సర్ కొస అసలు సెన్సర్ కొసకు 3 అంగుళాల లోపు ఉండాలని ఉంది.

ఈ ఫర్నేస్‌లో పాతది 850 అంటే కొత్తది 862 అంది. మామూలు గ్రేడు కె టైపుకు ఆ వేడిలో కొత్తగా ఉన్నప్పుడే 6 డిగ్రీల దాకా అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణాలు ఒప్పుకుంటాయి. 12 ఆ హద్దు దాటింది. రాగి ముక్కా ముసలితనమూ రెండూ ఉన్న రోజుల్లో, ప్యానెల్ 850 అంటుంటే షాఫ్టులు దాదాపు 900లో కాలాయన్నమాట. ఉక్కు రేణువులు పెరిగిపోయి నూనెలో పగలడానికి అది చాలు. “మెనూలో 12 కలిపేస్తే సరిపోదా?” అన్నాడు ఓనరు. అలా కలపవచ్చు. కానీ రేపు 600 డిగ్రీల టెంపరింగ్‌కు అదే ఫర్నేస్ వాడితే అక్కడ తప్పు 12 కాదు. పైగా తీగ తుప్పు అక్కడితో ఆగదు, వచ్చే నెలకు అది 15 కావచ్చు. సెన్సర్ మార్చారు. కొత్తది వేసిన తేదీని హెడ్‌కు తగిలించిన రేకు ముక్క మీద కొట్టారు. ఆ తేదీ లేకపోవడం వల్లే పాతది ఎన్నేళ్లుగా ఉందో ఎవరూ చెప్పలేకపోయారు.

నిత్యం ఈ వేడిలోనే నడిచే ఫర్నేస్‌కు ఎన్ టైపు థర్మోకపుల్ మంచి ఎంపిక. ఆస్ట్రేలియాలో నోయల్ బర్లీ అభివృద్ధి చేసిన ఆ నికెల్ మిశ్రమాల్లో సిలికాన్ ఉండటం వల్ల ఈ ఆకుపచ్చ తుప్పు బెడద బాగా తక్కువ, ధర కూడా మరీ భారం కాదు. అయితే సెన్సర్ ఒక్కటి మార్చి ఊరుకోకండి. కేబుల్ కూడా ఎన్ టైపుదే వేయాలి, కంట్రోలర్ మెనూలో టైపు మార్చాలి. మెనూలో కె అలాగే వదిలేస్తే, లోపల 850 ఉన్నప్పుడు ప్యానెల్ మీది అంకె వంద డిగ్రీలకు పైగా తక్కువ చూపిస్తుంది.